ఫోటో తీసిన పేజీల నుంచి ఏఐ రాసిన సారాంశం: ఒక్కో వాక్యం ఎలా సరిచూడాలి?

జలధార22
అందరికీ నమస్తే. మా పంప్ హౌస్‌లో పాత తెలుగు చేతిపుస్తకం ఒకటి ఉంది, సెంట్రిఫ్యూగల్ పంపుల నిర్వహణ మీద, 12 పేజీలు. కాగితం పెళుసైపోయింది, అక్షరాలు చిన్నవి, కొత్త ఆపరేటర్లు ఎవరూ చదవట్లేదు. సరే అని ఫోన్‌తో 12 ఫోటోలు తీసి ఏఐ యాప్‌లో పెట్టి సారాంశం రాయమన్నా, 16 వాక్యాల్లో చాలా చక్కగా రాసిచ్చింది, ప్రింట్ తీసి గోడకి అంటిద్దామని కూడా అనుకున్నా. ఈలోగా మా సీనియర్ ఫిట్టర్ గారికి చూపిస్తే మూడో వాక్యం దగ్గర ఆగి "ఇది పుస్తకంలో ఇలాగే ఉందా?" అన్నారు. ఉందనుకున్నా. తీసి చూస్తే లేదు! అప్పట్నుంచి మిగతా 15 మీద కూడా నమ్మకం పోయింది. నేను రెండుసార్లు మొత్తం చదివాను, నాకు ఏ తప్పూ కనపడలేదు, మరి అది ఎలా దాటిపోయింది? అసలు ఇలాంటిది సరిచూసే పద్ధతి ఏంటి? చేసినవాళ్ళు చెప్పండి.

గ్లాండ్_బాబాయ్
తమ్ముడూ గ్లాండ్ లీకేజీ అయితే ప్యాకింగ్ మార్చేయ్, పాతది హుక్‌తో మొత్తం లాగెయ్, కొత్త రింగుల అతుకులు ఒకే వరసలో రాకుండా తిప్పి పెట్టు. మాది మొన్ననే మెకానికల్ సీల్‌కి మార్చాం, ఇప్పుడు చుక్క కూడా కారట్లేదు. ఏ సైజు పంపు?

జలధార22
బాబాయ్, పంపు బానే ఉంది, నా సందేహం సారాంశం గురించి. అయినా థాంక్స్.

పాతపేజీలు
జలధార గారూ, రెండుసార్లు చదివినా కనపడలేదన్నారు కదా, చిక్కు అక్కడే. మీరు చదివింది సారాంశాన్ని. అది సాఫీగా ఉంటుంది, సాఫీగా ఉన్నది చదువుతుంటే బుర్ర ఒప్పుకుంటూ పోతుంది. నేను పాత పుస్తకాల ప్రూఫులు చాలా ఏళ్ళుగా చూస్తున్నా, ఇప్పుడు ఈ ఏఐ సారాంశాలు కూడా చూడాల్సి వస్తోంది. నేను చేసేది ఇదీ: సారాంశంలో ఒక్క వాక్యం బయటపెట్టి మిగతాదంతా కాగితంతో మూసేస్తా, ఆ వాక్యంలో ఎన్ని మాటలు "నిజమో కాదో" అని విడిగా అడగొచ్చో అన్ని ముక్కలు చేస్తా, ఒక్కో ముక్కకి ఫోటోలో ఏ పేజీ ఏ లైను ఆధారమో పక్కన రాస్తా. లైను నంబరు రాయలేకపోతే ఆ ముక్కకి ఆధారం లేనట్టే, "ఎక్కడో చదివినట్టుంది" అన్నది లెక్కలోకి రాదు. ఇంకోటి, చివరి వాక్యం నుంచి మొదటికి రండి. వరసగా వస్తే కథలో పడి కొట్టుకుపోతాం, పైగా చివరికొచ్చేసరికి కళ్ళు అలిసి ఉంటాయి.

మూడో వాక్యం, దాని పేజీలో ఉన్నది రెండూ ఇక్కడ టైప్ చేయండి, కలిసి చూద్దాం.

జలధార22
సారాంశంలో 3వ వాక్యం: "గ్లాండ్ దగ్గర నీరు కారుతుంటే వెంటనే నట్లు బిగించి లీకేజీ పూర్తిగా ఆపాలి."

పుస్తకం 6వ పేజీలో, అసలు పుస్తకం తీసి చూసి టైప్ చేస్తున్నా: "గ్లాండు నుండి నీరు చుక్కలు చుక్కలుగా కారుచుండుట అవసరము. కారుట పూర్తిగా ఆగునట్లు నట్లను బిగించరాదు. ధారగా కారినచో రెండు నట్లను సమముగా, కొద్దికొద్దిగా బిగించవలెను."

పూర్తిగా రివర్స్!

గ్లాండ్_బాబాయ్
అయ్యో ఇది గోడకి అంటిస్తే పంపు షాఫ్టు పోతుందయ్యా. ప్యాకింగ్‌కి ఆ చుక్కలే చల్లదనం, ఆపేస్తే ప్యాకింగ్ కాలి గట్టిపడి స్లీవ్ మీద గాడి పడుద్ది. మెకానికల్ సీల్ అయితే వేరే, దానికి కారకూడదు. మీ పుస్తకంలో సీల్ సంగతి కూడా ఉందా?

జలధార22
ఉంది బాబాయ్! 7వ పేజీలో: "మెకానికల్ సీలు గల పంపులలో నీరు కారుట లోపమునకు గుర్తు, వెంటనే ఆపి సరిచేయవలెను." ఇది గ్లాండు వాక్యంలో కలిసిపోయిందా?

పాతపేజీలు
బాబాయ్ గారూ, సమయానికి అందించారు. రెండు వేరు వేరు చోట్ల ఉన్న మాటలు ఒక వాక్యంలో కుట్టేశారన్నమాట. ఇది బాగా ఎక్కువ కనపడే తప్పు, పట్టుకోవడం కష్టం, ఎందుకంటే "వెంటనే", "ఆపి" రెండూ నిజంగా పుస్తకంలో ఉన్న మాటలే, వెతికితే దొరుకుతాయి కూడా. అందుకే మాట దొరికిందా అని కాకుండా, ఆ మాట దేని గురించి అన్నారు అని చూడాలి.

కానీ నాకు ఇంకో అనుమానం ఉంది. మీ IMG ఫోటోల్లో 6వ పేజీ తెరిచి "బిగించరాదు" ఎక్కడుందో చూడండి, లైను చివర ఉందా?

జలధార22
వామ్మో. లైను చివర "బిగించ" వరకే స్పష్టంగా ఉంది, "రాదు" బైండింగ్ మడతలోకి వెళ్ళి నీడలో పడింది. పుస్తకం చూస్తూ టైప్ చేశా కాబట్టి నాకు తెలియలేదు, ఏఐకి ఇచ్చింది మాత్రం ఆ ఫోటో కదా.

పాతపేజీలు
అనుకున్నా. మన భాషలో క్రియ వాక్యం చివర ఉంటుంది, "రాదు, కూడదు, వద్దు, లేదు" అన్నీ క్రియ తోకకి అంటుకుని ఉంటాయి. ఎడమ చేతి పేజీలో లైను చివర పడేది సరిగ్గా బైండింగ్ దగ్గర. అంటే పుస్తకం కాస్త వంగి ఫోటో తీస్తే ముందు పోయేది వద్దు అన్న మాటే. ఎడమ పేజీలు, అంటే మీ 2, 4, 6, 8, 10, 12, వీటిలో మడత పక్కనున్న లైను చివరలన్నీ ఒక్కసారి పుస్తకంతో పెట్టి చూసేయండి, సారాంశం ముట్టుకోక ముందే.

రవి_ఓసీఆర్
ఇంత కష్టం ఎందుకండీ, ఓసీఆర్ కొట్టి టెక్స్ట్ చేసుకుంటే సెకన్లలో వెతుక్కోవచ్చు, నేనైతే ఇలా చేస్తా:

```
for i in 01 02 03 04 05 06 07 08 09 10 11 12; do
  tesseract IMG_$i.jpg p$i -l tel
done
grep -n "గ్లాం" p*.txt
```

దీంతోపాటు అదే ఏఐని "ప్రతి వాక్యానికి పేజీ నంబరు, అసలు వాక్యం యథాతథంగా ఇవ్వు" అని అడిగితే మొత్తం టేబుల్ వేసి ఇచ్చేస్తుంది, అయిపోయినట్టే.

పాతపేజీలు
రవి గారూ, సగం ఒప్పుకుంటా. వెతకడానికి ఓసీఆర్ బాగుంటుంది, "గ్లాండ్" బదులు "గ్లాం" అని చిన్న ముక్కతో వెతకడం కూడా మంచి పని, ఎందుకంటే పాత పుస్తకంలో గ్లాండు, గ్లాండుల, కొత్త టైపింగ్‌లో గ్లాండ్‌లో అని రకరకాలుగా ఉంటాయి, పూర్తి మాటతో వెతికితే సగం దొరకవు. కానీ ఓసీఆర్ కూడా చదివేది అదే ఫోటో కదా, మడతలో పోయిన "రాదు" దానికీ కనపడదు. అప్పుడు సారాంశం, ఓసీఆర్ రెండూ ఒకే తప్పు మీద ఏకీభవిస్తాయి, మనం ధైర్యంగా టిక్కు పెట్టేస్తాం. అందుకే ఓసీఆర్‌తో పేజీ వెతుక్కోండి, తీర్పు మాత్రం బొమ్మ చూసే ఇవ్వండి, బొమ్మలో మసకగా ఉంటే పుస్తకం చూసి. ఓసీఆర్‌లో దొరకలేదు అంటే పేజీలో లేదు అని కూడా కాదు, మాట రెండు లైన్ల మధ్య విరిగి ఉండొచ్చు.

ఏఐని పేజీ నంబర్లు అడగడం మీద, జలధార గారు చేసి చూసి ఏం వచ్చిందో చెప్తే బాగుంటుంది.

జలధార22
చేశా. 16కి 16 పేజీ నంబర్లు, కొటేషన్లు పెట్టి అసలు వాక్యాలు ఇచ్చింది, చూస్తే భలే నమ్మకం కలిగింది. ఒక్కోటీ ఫోటోలో వెతికితే 11 ఉన్నవి ఉన్నట్టు దొరికాయి. మూడు పేజీ సరైనదే కానీ వాక్యం కొంచెం మార్చేసింది. రెండు మాత్రం ఆ పేజీలో లేనే లేవు, కొటేషన్ గుర్తుల మధ్య పుస్తకం భాషలోనే "వలెను" అంటూ రాసి ఇచ్చింది, నేను మూడు నిమిషాలు ఆ లైను కోసం వెతికా.

రవి_ఓసీఆర్
ఓహ్, కొటేషన్ కూడా తయారు చేస్తుందని అనుకోలేదు. సరే, వెతుకులాటకి దారి చూపిస్తుంది కదా, ఆ 11 వెంటనే దొరికాయిగా.

పాతపేజీలు
అవును, దారి చూపించడం వరకు మంచిదే. ఆ లేని రెండు ఏవి?

జలధార22
ఒకటి 12వ వాక్యం: "కప్లింగ్ అలైన్‌మెంట్‌ను డయల్ గేజ్‌తో సరిచూసుకోవాలి." 9వ పేజీ అని చెప్పింది. రెండోది 14: "నీళ్ళు లేకుండా పంపు నడిపితే సీల్ పాడవుతుంది, అందుకే డ్రై రన్ ప్రొటెక్షన్ రిలే పెట్టుకోవడం మంచిది." మొదటి సగం 7లో ఉంది. రిలే మాట ఎక్కడా లేదు.

ముందు 12వది చూద్దామని 9వ పేజీ ఫోటో తెరిచా, అది 9 కాదు! 7వ పేజీ రెండుసార్లు తీశా, 9 అసలు తీయనేలేదు. మొత్తం 12 ఫోటోలే ఉన్నాయి కాబట్టి లెక్క సరిపోయింది, నేను గమనించలేదు. ఇప్పుడు పుస్తకంలో 9 చూస్తే "కప్లింగు రెండు ముఖముల మధ్య ఖాళీని ఫీలర్ గేజితోను, పై అంచులను తిన్నని పట్టీతోను చూడవలెను" అని ఉంది. డయల్ గేజ్ మాటే లేదు.

పాతపేజీలు
ఇది అన్నిటికన్నా ముఖ్యం. 8వ పేజీ చివర ఏముంది?

జలధార22
"...తదుపరి కప్లింగు అమరికను" అని ఆగిపోయింది.

పాతపేజీలు
చూడండి, పేజీ చివర వాక్యం తెగింది, తర్వాతి పేజీ లేదు, అమరిక అన్న మాట చాలు, మిగతాది పంపుల గురించి లోకంలో ఉన్న జ్ఞానంతో పూరించేసింది. మనిషయితే "ఇక్కడ పేజీ లేదు" అని ఆగుతాడు. అందుకే నేను మొదటి వాక్యం ముట్టుకోక ముందే చేసేది ఫోటోల సంఖ్య లెక్కపెట్టడం కాదు, ప్రతి పేజీ ఆఖరి మూడు మాటలు, తర్వాతి పేజీ మొదటి మూడు మాటలు ఒక కాగితం మీద పక్కపక్కన రాయడం. 12 పేజీలకి ఐదు నిమిషాలు కూడా పట్టదు. అతకని చోట పేజీ పోయినట్టే.

సరళ_సాంకేతికం
రిలే విషయం మాట్లాడాలి. డ్రై రన్ ప్రొటెక్షన్ పెట్టడం నిజంగా మంచిదే, ఎవర్నడిగినా అదే చెప్తారు. మరి నిజమైన మాటని ఎందుకు తీసేయాలి? ఆపరేటర్లకి ఉపయోగమే కదా.

పాతపేజీలు
సరళ గారూ, నాకు ఎక్కువ భయం వీటితోనే. అబద్ధం రాస్తే ఫిట్టర్ గారిలా ఎవరో ఒకరు ఆగుతారు. నిజమైన మాట, పుస్తకంలో లేనిది, రాస్తే తెలిసినవాళ్ళు కూడా తల ఊపేస్తారు, నేనూ ఊపేస్తా. కానీ మనం సరిచూస్తున్న ప్రశ్న "ఇది నిజమా" కాదు, "ఇది ఈ పేజీల్లో ఉందా". ఆ రెండూ కలిపేస్తే రేపు "పుస్తకంలో రిలే పెట్టమని ఉంది" అని ఎవరో చెప్తారు, పుస్తకం రాసినప్పుడు వాళ్ళు ఆ మాట అనలేదు. నేను సరిచూసేటప్పుడు నాకు తెలిసిన సబ్జెక్టు అయితే ఇంకా జాగ్రత్త పడతా, తెలియని సబ్జెక్టులో ప్రతి ముక్కకీ లైను వెతుకుతా కానీ తెలిసినదానిలో వెతక్కుండా టిక్కు పెట్టేస్తాననే భయం.

సరళ_సాంకేతికం
అర్థమైంది కానీ పూర్తిగా ఒప్పుకోను. ఇది గోడ మీద పెట్టే కాగితం, పరిశోధన వ్యాసం కాదు. కింద గీత గీసి "పుస్తకంలో లేనివి" అని విడిగా పెట్టొచ్చు.

పాతపేజీలు
విడిగా పెడితే నాకు అభ్యంతరం లేదు. కలిపి పెట్టడమే వద్దు.

జలధార22
ఇంకో రెండు దొరికాయి, మీ పద్ధతిలో ముక్కలు చేస్తుంటేనే దొరికాయి, లేకపోతే పట్టేవాడిని కాదు.

8వ వాక్యం: "బేరింగులకు గ్రీజు నిండా పెట్టాలి, లేకపోతే వేడెక్కుతాయి." 8వ పేజీలో: "బేరింగు గూటిలో సగమునకు మించి గ్రీజు పెట్టినచో బేరింగు వేడెక్కవచ్చును." ముక్కలు చేస్తే: గ్రీజు పెట్టాలి, ఉంది. నిండా పెట్టాలి, లేదు, తిరగబడింది. తక్కువైతే వేడెక్కుతుంది, లేదు, ఎక్కువైతే వేడెక్కవచ్చు అని ఉంది. "వచ్చును" పోయి "తాయి" అయిపోయింది.

10వ వాక్యం: "నీరు తక్కువగా వస్తుంటే ఫుట్ వాల్వ్ జాలీ మూసుకుపోవడమే కారణం." పుస్తకంలో 10వ పేజీ పట్టికలో నాలుగు కారణాలున్నాయి: జాలీ మూసుకుపోవడం, సక్షన్ పైపులో గాలి చేరడం, ఇంపెల్లర్ అరగడం, వేగం తగ్గడం. మొదటిది తీసుకుని "మే" తగిలించింది.

పాతపేజీలు
బాగా పట్టారు. ఆ "ఏ" ఒక్క అక్షరమే, కానీ "ఇదే, ఇంకేమీ కాదు" అనేసింది. నేను రెండో విడతలో ఈ చిన్న మాటలకోసమే ఒక్కసారి మొత్తం తిరిగి చూస్తా: వచ్చు, మాత్రమే, తప్ప, సుమారు, కనీసం, మించి, వరకు, చివర ఏ. సారాంశంలో ఉంటే పేజీలో ఉందా, పేజీలో ఉంటే సారాంశంలో ఉందా. అంకెలు కూడా ఈ విడతలోనే. పట్టికల్లో ఇంకో సంగతి, అడ్డ వరస జారిపోయి ఒక లోపానికి పక్క లోపం కారణం అంటుకోవచ్చు, అందుకే పట్టిక నుంచి వచ్చిన ప్రతి వాక్యానికి స్కేలు అడ్డం పెట్టి చూడండి.

గ్లాండ్_బాబాయ్
గ్రీజు నిండా కొట్టి బేరింగ్ కాల్చుకున్నవాళ్ళని నేను చూశా, చాలామంది ఎక్కువ పెడితే మంచిదనుకుంటారు. అందుకే ఏఐ కూడా అలా రాసిందేమో.

జలధార22
మొత్తం లెక్క చెప్తా. 16 వాక్యాలు 31 ముక్కలయ్యాయి. 22 పేజీలో ఉన్నట్టే ఉన్నాయి, 6 వంకర పోయాయి, 3 అసలు లేవు. నాకు పట్టిన టైం రెండున్నర గంటలు.

రవి_ఓసీఆర్
రెండున్నర గంటలా? ఆ టైంలో మీరే చదివి సొంతంగా సారాంశం రాసేయొచ్చు కదా, మరి ఏఐ ఎందుకు?

జలధార22
నేనూ అదే ఆలోచిస్తున్నా అన్నా. నిజం చెప్పాలంటే నాకు ఇంకా తెలియదు. రాయడం నాకు రాదు, సరిచూడటం వచ్చు, అంతే తేడా. ఈసారి ఫోటోలు సరిగ్గా తీసి ఉంటే సగం తప్పులు ఉండేవి కావేమో.

సరళ_సాంకేతికం
ఒక్కటి అడగనా, ఇదంతా సారాంశంలో ఉన్న వాక్యాలకి కదా. పుస్తకంలో ఉండి సారాంశంలోకి రానివి ఎలా తెలుస్తాయి? వాక్యం వాక్యం చూస్తే లేని వాక్యం ఎప్పటికీ కనపడదు.

పాతపేజీలు
కనపడదు, నిజమే. దానికి ఎదురు దిశలో వెళ్ళాలి, పేజీ నుంచి సారాంశానికి. అన్నీ రావాలని కాదు, సారాంశం అంటేనే వదిలేయడం. కానీ హెచ్చరికలు, "చేయకూడదు" అన్నవి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నవి, ఈ మూడు మాత్రం పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఒక్కోటి సారాంశంలో ఉందా అని చూడండి.

జలధార22
ఇప్పుడే చూశా. 12వ పేజీ అడుగున చుక్క గుర్తుతో చిన్న అక్షరాల్లో: "కప్లింగు గార్డు తీయుటకు ముందు మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజులు తీసి దగ్గర ఉంచుకొనవలెను." సారాంశంలో ఎక్కడా లేదు. అన్నిటికన్నా ముందు ఉండాల్సిన వాక్యం ఇదే.

గ్లాండ్_బాబాయ్
అదొక్కటే పెద్ద అక్షరాల్లో రాసి పైన పెట్టు తమ్ముడూ, మిగతావి తర్వాత.

జలధార22
అలాగే బాబాయ్. పుస్తకం బైండింగ్ విప్పకుండా, గాజు పలక నొక్కి పెట్టి మొత్తం మళ్ళీ ఫోటోలు తీస్తా. 3వ వాక్యం ఇలా మార్చా, చూసి చెప్పండి: "ప్యాకింగ్ ఉన్న గ్లాండ్ నుంచి చుక్కలుగా నీరు కారాలి, పూర్తిగా ఆగేలా నట్లు బిగించకూడదు. ధారగా కారితే రెండు నట్లూ సమంగా, కొద్దికొద్దిగా బిగించాలి (6వ పేజీ). మెకానికల్ సీల్ ఉన్న పంపులో నీరు కారితే వెంటనే పంపు ఆపి సరిచేయాలి (7వ పేజీ)."

పాతపేజీలు
బాగుంది. "ప్యాకింగ్ ఉన్న" అన్నది మీరు చేర్చిన మాట, 6వ పేజీలో ఉందా?

జలధార22
లేదండీ, బాబాయ్ చెప్పింది విని రాసేశా. 5వ పేజీలో ప్యాకింగ్ గురించి ఉన్నట్టు గుర్తు, రేపు ఫోటో తీసి లైను చూసి పెడతా.